వినకుండా "మలక్‌పేట" చదవగలమా? స్పెక్ట్రోగ్రామ్ కథ

ఈ ఎపిసోడ్‌లో మనం ఒకే ఒక్క మాట తీసుకుంటున్నాం: "మలక్‌పేట." మెట్రో ఎక్కితే వినిపిస్తుంది, ఆటోవాళ్ళ నోట్లో వినిపిస్తుంది. ఈ మాటని ఎవరో పలికారు, రికార్డ్ చేశారు, ఆ శబ్దాన్ని ఒక బొమ్మగా మార్చి మీ చేతికిచ్చారు అనుకోండి. ప్లే బటన్ లేదు. ఆ బొమ్మ చూసి అది "మలక్‌పేట" అని చెప్పగలరా?

ఇది సరదా పజిల్‌లా కనిపిస్తుంది గానీ, దీని వెనక చాలా సీరియస్ ఆశ ఒకటి ఉంది. మలక్‌పేటలోనే వినపడని పిల్లల కోసం ప్రభుత్వ పాఠశాల ఉంది. అలాంటి పిల్లలు ఎదురుగా ఉన్న మనిషి పెదవులు చూసి కొంత అర్థం చేసుకోవచ్చు, సైగలతో మాట్లాడుకోవచ్చు. ఫోన్లో ఏం చేస్తారు? వీడియో కాల్ లేని రోజుల్లో ఫోన్ అంటే వాళ్ళకి మూసేసిన తలుపే. మాటని బొమ్మగా మార్చే యంత్రాన్ని తయారు చేసినవాళ్ళ మనసులో ఉన్న పెద్ద ప్రశ్నల్లో ఇదొకటి. మాట కంటికి కనిపిస్తే, చెవి వినపడనివాళ్ళు కూడా ఫోన్ వాడొచ్చు కదా?

ఆ యంత్రం పుట్టింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, 1940ల మొదట్లో. రాల్ఫ్ పాటర్ అనే ఇంజనీరు ఆ పనికి ముందున్నాడు. దాని పేరు సౌండ్ స్పెక్ట్రోగ్రాఫ్. అది చేసే పని వింటే భలే ఉంటుంది. సుమారు రెండున్నర సెకన్ల మాటని రికార్డ్ చేసుకుని, దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పి వినిపించుకుంటుంది. ఒక్కో తిప్పులో ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత శక్తి ఉందో కొలుస్తుంది. శక్తి ఎక్కువున్న చోట ఒక సూది కాగితాన్ని ఎక్కువ కాలుస్తుంది, అక్కడ నల్లగా అవుతుంది. తక్కువున్న చోట తెల్లగా వదిలేస్తుంది. అలా కింది నుంచి పైదాకా గీత మీద గీత వేసుకుంటూ పోతే, కొన్ని నిమిషాలకి బొమ్మ తయారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఇది బయటికి రాలేదు. 1945 నవంబర్‌లో పాటర్ దీని గురించి వ్యాసం రాశాడు. 1947లో పాటర్, జార్జ్ కాప్, హారియెట్ గ్రీన్ కలిసి "విజిబుల్ స్పీచ్" అనే పుస్తకం తెచ్చారు. పేరులోనే ఉంది కదా, కనిపించే మాట అని.

ఇప్పుడు అదే పని మీ ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ క్షణంలో చేస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీవాళ్ళు తయారు చేశారు. బొమ్మలో ఎడమ నుంచి కుడికి వెళ్తే కాలం. కింది నుంచి పైకి వెళ్తే ఫ్రీక్వెన్సీ, మామూలుగా సున్నా నుంచి 5000 హెర్ట్జ్ దాకా. ఎంత నలుపుంటే అంత బలమైన శబ్దం. అంతే, మూడే సంగతులు.

ఇక "మలక్‌పేట" చదువుదాం. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఓ మగమనిషి నిదానంగా పలికితే వచ్చే సుమారు లెక్కలు. మనిషి మారితే అంకెలు మారతాయి, ఆకారాలు మాత్రం అలాగే ఉంటాయి.

ముందు అచ్చులు పట్టుకోవాలి. బొమ్మలో బాగా నల్లగా, అడ్డంగా సాగే పట్టీలు కనిపిస్తాయి. వీటిని ఫార్మెంట్లు అంటారు. నోరు ఒక గొట్టం లాంటిది. ఆ గొట్టం ఆకారాన్ని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు గట్టిగా మోగుతాయి. ఆ మోగే చోట్లే ఈ పట్టీలు. కింది పట్టీ మొదటి ఫార్మెంట్, దానిపైది రెండోది, ఆ పైది మూడోది. గుర్తుపెట్టుకోవాల్సినవి రెండు. నోరు ఎంత తెరిస్తే మొదటి పట్టీ అంత పైకి పోతుంది. నాలుక ఎంత ముందుకొస్తే రెండో పట్టీ అంత పైకి పోతుంది. "అ" అంటే నోరు బాగానే తెరుచుకుంటుంది, నాలుక మధ్యలో ఉంటుంది. అందుకే మొదటిది 600 చుట్టుపక్కల, రెండోది 1200 చుట్టుపక్కల ఉంటాయి. "ఏ" అంటే నోరు తక్కువ తెరుస్తాం, నాలుక ముందుకొస్తుంది. మొదటిది 450కి దిగుతుంది, రెండోది 2000 దగ్గరికి ఎక్కుతుంది. అంటే "అ"లో పట్టీలు దగ్గరదగ్గరగా, "ఏ"లో ఎడంగా ఉంటాయి.

మన మాటలో నాలుగు అచ్చులున్నాయి: అ, అ, ఏ, అ. బొమ్మలో మూడు చోట్ల పట్టీలు దగ్గరగా, ఒక్క చోట ఎడంగా ఉన్నాయి. ఆ ఎడంగా ఉన్నది వెడల్పు కూడా ఎక్కువ, చుట్టుపక్కల అచ్చుల కంటే సుమారు రెట్టింపు సాగుతుంది. అంటే దీర్ఘం. "పే"లోని ఏత్వం దొరికినట్టే.

ఇప్పుడు హల్లులు. ఇక్కడే అసలు మెలిక ఉంది. మొట్టమొదట బొమ్మ అడుగున, 250 హెర్ట్జ్ దగ్గర నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది, దాని పైన అంతా వెలిసిపోయినట్టుంటుంది. గొంతు మోగుతోంది గానీ నోరు మూసుంది, శబ్దం ముక్కులోంచి వస్తోంది. అది అనునాసికం. "మ"నా, "న"నా? దాని పక్కనున్న అచ్చు చెబుతుంది. అచ్చు మొదలయ్యేచోట రెండో పట్టీ కింది నుంచి పైకి ఎక్కుతూ వస్తే పెదవులు తెరుచుకుంటున్నాయని అర్థం. కాబట్టి "మ."

తరువాత అచ్చు, ఆ తరువాత కాస్త పలచబడిన ముక్క ఒకటి. పట్టీలు తెగలేదు, కానీ మొదటి పట్టీ కిందికి దిగింది, నలుపు తగ్గింది, మూడోది మాత్రం పైనే ఉంది. అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి. అది "ల." అక్కడే "ర" ఉంటే నాలుక ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది కాబట్టి ఇంకా పొట్టిగా, మధ్యలో చిన్న గాటు పెట్టినట్టు ఉండేది.

ఇప్పుడు బొమ్మలో తెల్లటి ఖాళీ వస్తుంది. ఏ శబ్దమూ లేదు. చాలామంది ఇక్కడ పొరబడతారు, మాట అయిపోయిందనుకుంటారు. కానీ ఈ ఖాళీ ఒక హల్లు, నోరు పూర్తిగా మూసుకున్న క్షణం. క, ట, ప లాంటి హల్లుల్లో సగం నిశ్శబ్దమే ఉంటుంది. మరి ఏ హల్లు? నిశ్శబ్దంలో సమాధానం ఉండదు, దానికి రెండు ఒడ్లలో ఉంటుంది. ఎడమ ఒడ్డు చూడండి. "ల"లోని అకారం చివర రెండో పట్టీ పైకి, మూడో పట్టీ కిందికి వంగి రెండూ చిటికె వేసినట్టు దగ్గరకొస్తాయి. నాలుక వెనక భాగం అంగిలికి తగిలేటప్పుడు ఇలా అవుతుంది. అది "క్." కుడి ఒడ్డు చూడండి. ఏకారం మొదట్లో రెండో పట్టీ కింది నుంచి ఎగబాకి వస్తోంది. పెదవుల గుర్తు అది. కాబట్టి "ప."

ఒకే నిశ్శబ్దం, రెండు హల్లులు. "క్" పలికి నాలుక వదిలేలోపే పెదవులు మూసేస్తాం, అందుకే "క్" విడుదలైన చప్పుడు మామూలుగా బొమ్మలో కనపడదు. రెండు హల్లులున్నాయని చెప్పడానికి ఇంకో సాక్ష్యం ఆ ఖాళీ పొడవు. చివర్లోని ఒంటి "ట" ఖాళీతో పోల్చితే ఇది బాగా పెద్దది. ఎవరైనా "మలప్పేట" అని ఉంటే ఖాళీ ఇంతే పెద్దగా ఉండేది గానీ, ఎడమ ఒడ్డులో రెండో పట్టీ పైకి వెళ్ళకుండా కిందికి జారేది. అదీ తేడా.

ఖాళీ అడుగున కూడా ఒకసారి చూడాలి. అక్కడ సన్నగా నల్లగీత సాగుతుంటే, నోరు మూసున్నా గొంతు మోగుతోందని. అంటే "బ", "గ" లాంటివి. మన మాటలో అడుగు కూడా తెల్లగానే ఉంది, కాబట్టి "ప." పెదవులు తెరుచుకోగానే నిలువుగా సన్నటి గీత, వెంటనే అచ్చు. మధ్యలో గాలి ఊదిన మరక లేదు. ఇంగ్లీష్‌వాళ్ళు "పెట్" అన్నప్పుడు ఆ మరక స్పష్టంగా కనిపిస్తుంది, మన "ప"లో ఉండదు.

ఇక "ట." ఏకారం చివర్లో మూడో పట్టీ 2500 నుంచి గబగబా దిగి రెండో పట్టీని తాకేలా వస్తుంది. నాలుక కొన వెనక్కి మడిచినప్పుడు జరిగేది ఇదే. అక్కడ "త" ఉంటే మూడోది అలా కూలదు. ఇంకో విషయం: ఈ గుర్తు "ట"కి ముందున్న అచ్చులోనే బాగా కనిపిస్తుంది, తరువాతి అచ్చులో తక్కువ. ఎందుకంటే మడిచిన నాలుక మూసుకుని ఉండగానే ముందుకు జారుతుంది, వదిలేసరికి మడత సగం విప్పుకుని ఉంటుంది. అందుకే "ట"ని పట్టాలంటే వెనక్కి చూడాలి. చివర పొట్టి అకారం ఉంటే మనం తెలుగులో అనే "మలక్‌పేట." అది లేకుండా "ట్" విడుదలతోనే బొమ్మ ఆగిపోతే దక్కనీ ఉర్దూలో అనే "మలక్‌పేట్."

ఇప్పుడు గమనించారా, హల్లుల్లో ఎక్కువ భాగం వాటి సొంత చోట చదవలేదు, పక్కనున్న అచ్చులో చదివాం. బళ్ళో గుణింతం రాసినప్పుడు అచ్చు గుర్తు హల్లుకి అంటుకుంటుంది కదా. స్పెక్ట్రోగ్రామ్‌లో కూడా ప్రతి హల్లూ గుణింతమే, కాకపోతే ఇక్కడ గుర్తులు అచ్చు మీద పడతాయి. పైగా అచ్చు మారితే హల్లు ఆకారమే మారిపోతుంది. "కి"లో "క" విడుదల చప్పుడు చాలా పైన, 2500 దాటి కనిపిస్తుంది. "కు"లో అదే "క" 1000 దగ్గరికి దిగిపోతుంది. అక్షరం ఒకటే, బొమ్మలు రెండు.

ఇక స్వరం ఎక్కడం, దిగడం. దీనికి బొమ్మని ఇంకో రకంగా గీయించాలి. పాత యంత్రంలో రెండు జల్లెడలుండేవి: 300 హెర్ట్జ్ వెడల్పుది, 45 హెర్ట్జ్ సన్నది. ఇప్పటిదాకా చూసింది వెడల్పు జల్లెడ బొమ్మ. ప్రాట్‌లో `Window length (s)` అనే చోట 0.005 ఉంటే అదే వస్తుంది. దాన్ని 0.03 చేయండి. పట్టీలు మాయమై, నిచ్చెన మెట్లలా సమాన దూరంలో సన్నటి అడ్డగీతలు వస్తాయి. వీటిని హార్మోనిక్స్ అంటారు. గొంతు సెకనుకి 130 సార్లు కంపిస్తే మొదటి మెట్టు 130 దగ్గర, రెండోది 260 దగ్గర, పదోది 1300 దగ్గర ఉంటాయి. కింది మెట్టు కదలిక కంటికి ఆనదు. పదో మెట్టు చూడండి, అదే కదలిక పదింతలై కనిపిస్తుంది. పదో మెట్టు ఫ్రీక్వెన్సీని పదితో భాగిస్తే స్వరం స్థాయి వచ్చేస్తుంది.

"ఇది మలక్‌పేట" అని చెప్పండి. పదో మెట్టు ముందు కాస్త ఎక్కి, చివరి అకారంలో దిగిపోతుంది. "ఇది మలక్‌పేటా?" అని అడగండి. చివరి అచ్చు సాగింది, "అ" కాస్తా "ఆ" అయింది. దాంతోపాటు పదో మెట్టు 1300 నుంచి 2000 దాకా ఎక్కిందనుకోండి, స్వరం 130 నుంచి 200కి ఎక్కినట్టు. మనం కాగితం మీద రాసే దీర్ఘం, ప్రశ్నార్థకం రెండూ బొమ్మలో ఆ ఒక్క అచ్చులోనే ఉన్నాయి.

ప్రాట్ నీలి గీతతో స్వరాన్ని తనే గీసి చూపిస్తుంది గానీ గుడ్డిగా నమ్మకండి. "క్‌ప", "ట" దగ్గర గీత తెగిపోతుంది, అది తప్పు కాదు, అక్కడ గొంతు మోగడం లేదు. కానీ గీత ఉన్నట్టుండి సరిగ్గా సగానికి పడిపోయినా, రెట్టింపుకి ఎగిరినా అనుమానించాలి. వెంటనే పదో మెట్టు చూడండి. అక్కడ ఎగురుడు లేకపోతే మనిషి స్వరం మారలేదు, లెక్క తప్పింది. ఇంకో చిక్కు పిల్లల గొంతుతో. స్వరం 300 దాటితే మెట్లు ఎడమైపోతాయి, వెడల్పు జల్లెడ బొమ్మలో కూడా మెట్లే కనిపిస్తాయి. వాటిని ఫార్మెంట్లు అనుకుంటే అచ్చు తప్పు చదువుతాం.

సరే, ఇంత జాగ్రత్తగా చూస్తే ఒక మాట చదవగలిగాం. మరి ఆ ఫోన్ కల ఏమైంది? బెల్ ల్యాబ్స్‌లో మాట్లాడుతుండగానే తెర మీద బొమ్మ కదిలే యంత్రం కూడా కట్టారు. కొందరు యువతులకీ, పుట్టుకతో వినపడని ఒక ఇంజనీరుకీ దాన్ని చదవడం నేర్పారు. కష్టపడి కొన్ని వందల మాటలు గుర్తుపట్టగలిగారు. కానీ నిదానంగా, స్పష్టంగా పలికితేనే. మామూలు వేగంలో సాగే కొత్త సంభాషణని చదవడం కుదరలేదు. కారణం మనం చూశాం. "ఇది మలక్‌పేట"లో "ఇది"కీ "మ"కీ మధ్య ఖాళీ ఉండదు, "మలక్‌పేట" లోపలేమో పెద్ద ఖాళీ ఉంటుంది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో బొమ్మ చెప్పదు. పైగా ఏ అక్షరానికీ స్థిరమైన ఆకారం లేదు.

దాంతో ఇంకో పెద్ద అనుమానం పుట్టింది. అసలు మాట మొత్తం ఆ శబ్దంలో ఉందా? లేక మనం సందర్భాన్ని బట్టి సగం ఊహించుకుంటున్నామా? 1973లో డెనిస్ క్లాట్, కెన్నెత్ స్టీవెన్స్ అనే ఇద్దరు ఉద్దండులు తమమీద తామే ప్రయోగం చేసుకున్నారు. మాట ఊహించే వీలు లేకుండా చిన్న కిటికీలోంచి బొమ్మని ముక్కముక్కగా చూశారు. పూర్తిగా సరిగ్గా చదవగలిగింది ధ్వనుల్లో మూడో వంతే. కంప్యూటర్‌కి మాటలు నేర్పాలనుకునేవాళ్ళకి ఇది చేదు వార్త. నిపుణుడి కంటికే దొరకనిది యంత్రానికి ఎలా దొరుకుతుంది?

ఇక్కడ మనవాడొకాయన వస్తాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేట్ చేసి, 1969 నుంచి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్‌కి మాట వినడం నేర్పుతున్నాడు. అప్పట్లో ఎంఐటీలో విక్టర్ జూ అనే పరిశోధకుడు ఉండేవాడు. 1971 నుంచి రోజూ స్పెక్ట్రోగ్రామ్‌లు చూడటమే పనిగా పెట్టుకున్నాడు. మొత్తం కలిపితే 2000 గంటల పైమాట. 1970ల చివర్లో రొనాల్డ్ కోల్, అలెగ్జాండర్ రుడ్నికీ, రాజ్ రెడ్డి కలిసి ఆయన్ని పరీక్షించారు. తెలియని వాక్యాల బొమ్మలు ఇచ్చారు, వినిపించలేదు. కొన్ని మామూలు ఇంగ్లీష్ వాక్యాలు, కొన్ని అర్థం పర్థం లేనివి. ఊహించి నెట్టుకురావడం కుదరకూడదని.

ఫలితం 1980లో అచ్చయింది. ధ్వని ఎక్కడెక్కడ ఉందో ఆయన 97 శాతం పట్టుకున్నాడు. అవి ఏ ధ్వనులో చెప్పడంలో, చెవితో విని రాసిన నిపుణులతో దాదాపు 85 శాతం కలిశాడు. విని రాసిన నిపుణులు కూడా ఒకరితో ఒకరు నూటికి నూరు కలవరు. అర్థం లేని వాక్యాల్లోనూ ఆయన చదువు పెద్దగా దెబ్బతినలేదు. అంటే ఆయన ఊహించడం లేదు, చదువుతున్నాడు. అంతకన్నా ముఖ్యం, చదువుతూ ఎందుకలా అనుకుంటున్నాడో పైకి చెప్పగలిగాడు: మూడో పట్టీ దిగింది కాబట్టి ఇది, ఖాళీ పొడవు కాబట్టి అది అని. చెప్పగలిగితే ఇంకొకరికి నేర్పొచ్చు. ఆయన తరువాత ఎంఐటీలో విద్యార్థులకి అదే నేర్పాడు.

దీంతో అనుమానం తీరింది. సమాచారం శబ్దంలోనే ఉంది, దాన్ని వెతకడం మనకి రావాలి. రాజ్ రెడ్డి ఆ దారిలోనే సాగాడు, 1994లో ట్యూరింగ్ అవార్డ్ అందుకున్నాడు. ఈరోజు మీరు ఫోన్లో మాట్లాడితే తెర మీద అక్షరాలు పడుతున్నాయంటే, ఆ యంత్రాల్లో చాలావాటికి మొదటి మెట్టు ఇప్పటికీ శబ్దాన్ని స్పెక్ట్రోగ్రామ్ లాంటి బొమ్మగా మార్చడమే.

పాటర్ అనుకున్నట్టు వినపడనివాళ్ళు ఫోన్లో నల్లపట్టీలు చదువుతూ కూర్చోలేదు. చదివే పని యంత్రం తీసుకుంది, వాళ్ళకి అక్షరాలు ఇచ్చింది. బొమ్మ మాత్రం ఇంకో పనికి మిగిలింది, మాట్లాడటం నేర్చుకోవడానికి. తను పలికింది "ప"నో "బ"నో వినలేని పిల్లవాడు, ఖాళీ అడుగున గీత ఉందా లేదా అని చూసి తెలుసుకోవచ్చు.

మీ ఫోన్లో "పేట", "బేట" అని రెండు మాటలు నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డ్ చేసి, ఆ గీత కోసం వెతకండి. "బ" మాటకి ముందు అడుగున అది కనిపించిందో లేదో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.